కొటేషన్ మీద పెట్టే ఆ ఒక్క పేజీ

ప్రశ్న: "మాది మదనపల్లె. పదకొండేళ్లుగా బెంగళూరులో, హొరమావు దగ్గర, ఇళ్లకు కిచెన్లూ వార్డ్‌రోబులూ చేసే చిన్న వర్క్‌షాపు నడుపుతున్నాను. పనులు ఎక్కువగా మా బావగారి పరిచయాల మీదే వస్తాయి. గతేడాది ఆయన స్నేహితుడి ఇంటికి రూ. 3,80,000కు కొటేషన్ ఇచ్చాను. రెండున్నర నెలలు ఏమీ చెప్పలేదు. తర్వాత 'సరే, మొదలుపెట్టండి' అన్నారు. అప్పటికి ప్లైవుడ్ ధర పెరిగింది, అయినా మొహమాటానికి పాత ధరకే ఒప్పుకున్నాను. పని మధ్యలో సింకు బిగించమన్నారు, గ్రానైట్ కోయించమన్నారు, అరల కింద లైట్లు పెట్టమన్నారు. అవన్నీ కొటేషన్లో ఉన్నాయనే అనుకున్నామన్నారు. చివరి రూ. 60,000 ఇప్పటికీ రాలేదు. ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో బావగారి దూరపు బంధువుల ఫ్లాటుకు, పన్ను కాకుండా రూ. 5,00,000 పని మాట్లాడుతున్నాం. ఈసారి కొటేషన్ మీద ఒక కవరింగ్ లెటర్ పెట్టి అన్నీ స్పష్టంగా రాద్దామంటే, 'మనవాళ్లకు షరతులు రాసిస్తావా, నా పరువు పోతుంది' అని బావగారు కోప్పడుతున్నారు. వాళ్లేమో ఆషాఢం వెళ్లాక మొదలుపెడదామంటున్నారు. రాయకపోతే మళ్లీ మునుగుతాను, రాస్తే ఆయన్ను నొప్పిస్తాను. ఏం రాయాలి, ఎలా రాయాలి?"
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: మీ ఉత్తరంతో పాటు పంపిన పాత కొటేషన్ ఫొటోను రెండు మూడు సార్లు చూశాను. పద్దులు చక్కగా వేశారు, కొలతలు సరిగ్గా ఉన్నాయి. ఇబ్బంది అంతా అట్టడుగున, మొత్తం పక్కన మీరు చేత్తో రాసిన రెండు మాటల్లో ఉంది: "అన్నీ కలిపి". మీ దృష్టిలో ఆ మాటకు చెక్క, మైకా, హింజెస్, కూలీ, రవాణా అని అర్థం. ఇంటి యజమాని దృష్టిలో మాత్రం దాని అర్థం వంటగది వంటకు సిద్ధం కావడం. వంటకు సిద్ధం కావాలంటే సింకులో నీళ్లు పోవాలి, గట్టు మీద రాయి ఉండాలి, లైటు వెలగాలి. కనుక వారు మిమ్మల్ని మోసం చేశారని నేను అనుకోను. మీరు గీయని గీతను వారు తమకు అనుకూలమైన చోట గీసుకున్నారు.

షరతులు కొటేషన్ చివరి పేజీలో ముద్రించుకుంటే సరిపోదా అని మీరు అడగవచ్చు. చట్టం దృష్టిలో అదీ చెల్లుతుంది. కానీ ఒక ఇంట్లో కొటేషన్ను ఎవరెవరు ఎలా చదువుతారో ఆలోచించండి. భర్త నేరుగా మొత్తం దగ్గరికి వెళతారు, భార్య రంగులూ అరల సంఖ్యా చూస్తారు, ఊళ్లో ఉన్న తండ్రిగారికి వాట్సాప్‌లో మొదటి పేజీ ఫొటో మాత్రమే వెళుతుంది. ఆరో పేజీలోని సన్న అక్షరాల షరతులు గొడవ వచ్చిన రోజు దాకా ఎవరి కంటా పడవు. కవరింగ్ లెటర్ ప్రయోజనం ఇక్కడే ఉంది. ఏమేమి ఈ ధరలో ఉన్నాయి, ఈ ధర ఏ తేదీ దాకా ఉంటుంది, డబ్బు ఏ దశలో ఎంత కావాలి అన్న మూడు సంగతులను అది మొదటి పేజీలోకి తెస్తుంది. అంతకు మించి దానిమీద బరువు పెట్టకండి. మీ అనుభవం, మీరు చేసిన ఇళ్ల ఫొటోలు, నాణ్యత గురించిన వాక్యాలు ఆ పేజీలో చోటు తినేస్తాయి, అసలు సంగతి రెండో పేజీకి జారిపోతుంది.

ఒక ప్రమాదాన్ని మాత్రం ముందే చెప్పాలి, ఎందుకంటే అందులో నేను స్వయంగా పడ్డాను. పీణ్యలో ఒక ఫర్నిచర్ కంపెనీలో ఎస్టిమేషన్ పని చూస్తున్న రోజుల్లో, ఒక ఆఫీసుకు పంపిన కవరింగ్ లెటర్లో గడువు 15 రోజులని రాశాను. కొటేషన్ మాత్రం పాత ఫైలు మీద దిద్దినది కావడంతో, దాని చివర 30 రోజులని అలాగే ఉండిపోయింది. వారు 24వ రోజున ఆర్డరు పంపి, 30 అన్న అంకె కింద పెన్నుతో గీత గీశారు. మా దగ్గర వాదించడానికి ఏమీ లేదు, పాత ధరకే చేశాం. ఒకే సంగతి రెండు కాగితాల్లో రెండు రకాలుగా ఉంటే, రాసినవారికి నష్టం కలిగించే అర్థమే చివరికి నిలబడుతుంది. కాబట్టి గడువు, చెల్లింపు అన్న రెండింటినీ కవరింగ్ లెటర్లోనే రాసి, కొటేషన్లో ఆ చోట "కవరింగ్ లెటర్ ప్రకారం" అని మాత్రమే ఉంచండి. కొటేషన్ నంబరూ తేదీ లెటర్లో, లెటర్ తేదీ కొటేషన్లో కనిపించాలి. అప్పుడు ఒకటి లేకుండా రెండోది చెల్లదన్నది వాటంతట అవే చెబుతాయి.

ఇక ధరలో ఉన్నవేమిటో రాసే పద్ధతి. కొటేషన్లోని ముప్పై వరుసలను లెటర్లో మళ్లీ రాయకండి. మీ పని ఎక్కడ మరొకరి పనిని తాకుతుందో ఆ చోట్లను వెతికి, అక్కడ గీత గీయండి. కిచెన్లో అలాంటి చోట్లు ఎక్కువేమీ ఉండవు. సింకు దగ్గర మీ పని ప్లంబరును తాకుతుంది, గట్టు దగ్గర రాయి పనివాణ్ని తాకుతుంది, చిమ్నీ, లైట్ల దగ్గర ఎలక్ట్రీషియన్ను తాకుతుంది, లిఫ్టు దగ్గర అపార్ట్‌మెంట్ అసోసియేషన్ను తాకుతుంది. గొడవలన్నీ ఈ నాలుగు చోట్లే పుడతాయి. సింకు గురించి "సింకు పని లేదు" అని రాస్తే చాలదు, ఎందుకంటే కింది అరలో గొట్టాలు పట్టేలా వెనక పలకకు కోత పెట్టేది మీరే కదా. "సింకు కింది అర, గొట్టాల కోసం అందులో కోత మా పని; సింకు కొనడం, బిగించడం, నీటి గొట్టాలు కలపడం మా పని కాదు" అని రాయండి. ఒకే వాక్యంలో ఉన్నదీ లేనిదీ పక్కపక్కన కనిపిస్తే చదివినవారికి గీత కళ్లకు కడుతుంది. "ఉన్నవి" ఒక పట్టికగా, "లేనివి" మరో పట్టికగా వేరు చేస్తే చాలామంది మొదటిదాన్ని చదివి అక్కడితో ఆపేస్తారు.

సరుకు పేరు విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. "వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్" అని మీరు రాసిన మాట చాలా వదులుగా ఉంది. మైసూరు రోడ్డు టింబర్ యార్డులో ఆ పేరుతో తక్కువ రకమూ దొరుకుతుంది, మెరైన్ రకమూ దొరుకుతుంది, రెండింటి ధర ఒకటి కాదు. సింకు అరకు, గట్టు కింది అరలకు 18 మి.మీ. మందం, ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ ప్లైవుడ్ వాడుతున్నట్లయితే అంత మాటా రాయండి. ఆ నంబరు పలక మీదే ముద్రించి ఉంటుంది గనుక, సరుకు దిగిన రోజు యజమానే చూసుకోవచ్చు. వార్డ్‌రోబులకు వేరే రకం వాడుతుంటే అదీ అక్కడే చెప్పాలి, లేకపోతే కిచెన్ గురించి రాసిన వాక్యం ఇల్లంతటికీ వర్తిస్తుందని చదువుకుంటారు.

కొలత సంగతి కూడా ఒక్క వాక్యంలో తేల్చండి. వార్డ్‌రోబ్ 6 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు ఉంటే మీ లెక్కలో అది 42 చదరపు అడుగులు, అంటే ముందు వైపు కనిపించే కొలత. తుది కొలతల్లో అది 45 అయితే ఆ 3 చదరపు అడుగులకు కొటేషన్లోని రేటే వర్తిస్తుందని రాసుకుంటే, పెరిగినా తగ్గినా మళ్లీ బేరం ఉండదు.

ఇప్పుడు గడువు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 6వ సెక్షన్ ప్రకారం, ప్రతిపాదనలో ఒక గడువు రాసి ఉంటే అది ముగియగానే ప్రతిపాదన రద్దవుతుంది. రాయకపోతే సమంజసమైన కాలం గడిచాక రద్దవుతుంది. సమంజసమైన కాలమంటే ఎన్ని రోజులన్నది పనిని బట్టీ సరుకును బట్టీ ఉంటుంది గనుక, రెండున్నర నెలలు ఎక్కువని మీరు, ఎక్కువేం కాదని వారు వాదించుకోవాల్సి వస్తుంది. బంధువుల మధ్య ఆ వాదన ఎవరూ చేయలేరు, మీరూ చేయలేకపోయారు. రాసిన తేదీ ఉంటే వాదన అవసరమే రాదు.

ఎన్ని రోజులు ఇవ్వాలన్నది మీ మంచితనాన్ని బట్టి తేల్చకండి, మీకు సరుకిచ్చే దుకాణాన్ని బట్టి తేల్చండి. మీ ప్లైవుడ్ డీలరు ఈ ధర 20 రోజులు ఉంచుతానని చెప్పాడనుకుందాం. యజమాని సరే అన్నాక తుది కొలతలు తీసి, నమూనా ఖాయం చేసి, సరుకు చెప్పడానికి మీకు నాలుగైదు రోజులు పడుతుంది. అప్పుడు మీరు ఇవ్వగలిగిన గడువు 15 రోజులే. 30 రాస్తే, చివరి పది పదిహేను రోజుల్లో ధర పెరుగుదల భారమంతా మీ జేబు మీద పడుతుంది. గడువును "15 రోజులు" అని కాకుండా తేదీగా రాయండి. ఏ రోజు నుంచి లెక్క, కొటేషన్ తేదీ నుంచా, అందిన రోజు నుంచా అన్న ప్రశ్నే పుట్టదు. ఆ తేదీలోపు ఏం జరిగితే ఒప్పుకున్నట్టో కూడా చెప్పాలి. ఫోనులో "సరే" అన్నది ఒప్పుకోలా, వాట్సాప్‌లో బొటనవేలి బొమ్మ ఒప్పుకోలా అని తర్వాత తేల్చుకోవడం కష్టం. లెటర్ మీద సంతకం, మొదటి విడత డబ్బు, ఈ రెండూ ఆ తేదీలోపు అందితే ఒప్పందం అయినట్టు అని రాయండి.

ఆషాఢం విషయంలో మీ ముందు మూడు దారులున్నాయి, మూడింటికీ వేరువేరు ఫలితాలున్నాయి. మొదటిది, 15 రోజుల తేదీ మీదే నిలబడి, శ్రావణంలో వస్తే కొత్త కొటేషన్ ఇస్తానని చెప్పడం. మీకు ఇది అన్నిటికన్నా భద్రం, కానీ ఈ నెలన్నరలో వారు మరో ఇద్దరి దగ్గర ధర అడిగే అవకాశం ఉంటుంది. రెండోది, గడువును శ్రావణం దాకా పొడిగించి, కూలీ, హింజెస్, చానెళ్ల ధర మారదనీ, ప్లైవుడ్, మైకా మాత్రం సరుకు చెప్పే రోజు డీలరు బిల్లు ప్రకారం సర్దుతామనీ రాయడం. ఇది న్యాయమైన దారే. అయితే బిల్లు చూపించాల్సి వస్తుంది, చూపిస్తే మీ లాభం ఎంతో వారికి తెలిసిపోతుంది. కొందరికి అది ఇబ్బంది కాదు, మీకు ఎలా ఉంటుందో మీరే చూసుకోండి. మూడోది, ఆషాఢంలో పని మొదలుపెట్టకపోయినా, ఆషాఢం రాకముందే మొదటి విడత తీసుకోవడం. ఆ డబ్బు డీలరుకు బయానాగా కట్టి మీ ధర కట్టేసుకుంటారు, వారి ధరా ఖాయమవుతుంది, చెక్క కోత మాత్రం శ్రావణంలో మొదలవుతుంది.

మీ పరిస్థితికి నాకు మూడోది నచ్చింది, ఎందుకంటే వారి పట్టింపునూ మీ అవసరాన్నీ రెండింటినీ అది మన్నిస్తుంది. ఇందులో రెండు మెలికలున్నాయి. డీలరు బయానా తీసుకుని ధర నిలుపుతానంటే ఆ మాట కాగితం మీద తీసుకోండి. సరుకు మాత్రం ముందే తెచ్చుకోకండి, వానాకాలంలో నెలకు పైగా షెడ్డులో నిలబెట్టిన పలకలు వంగుతాయి. రెండోది, మధ్యలో వారు పని వద్దనుకుంటే వారిచ్చిన మొదటి విడత సంగతి ఏమిటో ముందే రాయాలి. మొత్తం తిరిగి ఇవ్వబడదని రాయడం తేలికే గాని, నష్టానికి తగినంతే ఉంచుకోవాలన్నదే న్యాయమూ, కోర్టుల దృష్టీ. కొలతలకూ డ్రాయింగులకూ మీకు నిజంగా అయ్యే ఖర్చు రూ. 15,000 అయితే అంత ఉంచుకుని మిగిలింది ఇస్తామని రాయండి. ఆ వాక్యం చదివితే బావగారికీ మీ మీద కోపం తగ్గుతుందని నా నమ్మకం.

చెల్లింపుల దగ్గర కాస్త నిలబడి లెక్క వేద్దాం, మీ అసలు నష్టం అక్కడే జరుగుతోంది. పన్ను పక్కన పెడితే ఈ పని రూ. 5,00,000. మీరు పంపిన అంచనాల ప్రకారం ప్లైవుడ్, మైకా, హింజెస్, చానెళ్లు అన్నీ కలిసి రూ. 2,40,000; కార్పెంటర్ల కూలీ, రవాణా రూ. 1,20,000, అంటే చేతి నుంచి పోయేది రూ. 3,60,000, మీకు మిగిలేది షెడ్డు అద్దెతో కలిపి రూ. 1,40,000. ఇప్పుడు మీరు అనుకుంటున్నట్టు సగం ముందు, సగం పని అయ్యాక అని తీసుకుంటే, పని పూర్తయ్యే రోజుకు మీకు వచ్చింది రూ. 2,50,000, పెట్టింది రూ. 3,60,000. అంటే మీ సొంత డబ్బు రూ. 1,10,000 వారి గోడలకు బిగించి ఉంటుంది. ఆ స్థితిలో సింకు బిగించమంటే మీరు కాదనలేరు, ఎందుకంటే మీ డబ్బు వారి చేతిలో ఉంది.

దాన్నే 10, 40, 40, 10 శాతంగా విడగొట్టి చూడండి. ఒప్పుకున్న రోజు రూ. 50,000. సరుకు చెప్పే ముందు రూ. 2,00,000, దీంతో వచ్చింది రూ. 2,50,000 అవుతుంది, సరుకు ఖర్చు రూ. 2,40,000 తీరిపోతుంది. అరల పెట్టెలు సైటుకు చేరిన రోజు, తలుపులు బిగించే ముందు, రూ. 2,00,000, దీంతో వచ్చింది రూ. 4,50,000, కూలీ కూడా తీరిపోతుంది. మిగిలిన రూ. 50,000 అప్పగింత రోజు. ఆ చివరిది ఆలస్యమైనా మీ లాభంలో కొంత ఆగుతుందే తప్ప పెట్టుబడి ఆగదు. యజమానికి కూడా ఇది న్యాయమే, ఎందుకంటే ప్రతి విడత దగ్గరా ఆయనకు కళ్లెదుట ఏదో ఒకటి కనిపిస్తుంది, లోపాలు సరిచేయించుకోవడానికి చివరి పదిశాతం ఆయన చేతిలో ఉంటుంది. ఆ పదిశాతం కూడా ముందే ఇమ్మని అడగకండి, అది అడిగితే అనుమానం పుడుతుంది.

విడతను ముడిపెట్టే సంఘటన కంటికి కనబడేదై ఉండాలి. "పని 80 శాతం పూర్తయ్యాక" అని రాస్తే 80 అయిందా లేదా అని ఇద్దరూ కొలవలేరు. "పెట్టెలు సైటుకు చేరిన రోజు" అంటే వాచ్‌మన్ రిజిస్టర్లో కూడా ఆ తేదీ ఉంటుంది. అప్పగింతకు కూడా ఒక రోజు కావాలి, మనవాళ్లకు ఆ రోజు చెప్పడం తేలిక: లోపాల జాబితా సరిచేసి తాళం చెవులు ఇచ్చిన రోజు, లేదా ఆ వంటగదిలో పాలు పొంగించిన రోజు, రెండింటిలో ఏది ముందైతే అది. గృహప్రవేశం అయిపోయి, ఇంట్లో వంట జరుగుతూ ఉండగా, ఒక హ్యాండిల్ మారలేదని చివరి విడత నెలల తరబడి ఆగిపోవడం నేను చాలా ఇళ్లలో చూశాను. పాలు పొంగాక కూడా ఆ హ్యాండిల్ మార్చాల్సిన బాధ్యత మీదే, దాన్ని కూడా రాయండి.

జీఎస్టీని "అదనం" అని ఒక మాటలో వదిలేయకండి. 18 శాతం చొప్పున రూ. 90,000 కలిస్తే మొత్తం రూ. 5,90,000 అవుతుంది, ఆ అంకె లెటర్లోనే కనిపించాలి. ఇంటికి కొనేవారికి తాము కట్టే చివరి అంకే ధర, చివర్లో రూ. 90,000 తేలితే మీరు దాచారనుకుంటారు. గోడకు బిగించే ఈ పనిని మీ ఆడిటరు సరుకు అమ్మకంగా చూపుతారా, సేవగా చూపుతారా అన్నది ముందే అడగండి. సేవగా చూపితే అడ్వాన్సు అందినప్పుడే దానిమీద పన్ను లెక్కకు వస్తుంది గనుక, ప్రతి విడతతో పాటు పన్నునూ తీసుకుని రసీదు ఇవ్వాలి. 2025 సెప్టెంబరు 22న చాలా వస్తువుల రేట్లు ఒక్కసారిగా మారాయి కదా, అలాంటిది మళ్లీ జరిగితే చట్టం ప్రకారం వర్తించే రేటే వేస్తామని ఒక వాక్యం ఉంచండి.

వీటన్నిటినీ పెట్టి ఒక నమూనా రాశాను. తేదీలు, నంబర్లు మీవి వేసుకోండి.

---

తేదీ: జూన్ 5
విషయం: మీ ఫ్లాటు కిచెన్, రెండు వార్డ్‌రోబుల పనికి కొటేషన్ నం. 27, తేదీ జూన్ 5

అయ్యా, నమస్కారం.

మొన్న మీ ఫ్లాటులో కొలతలు తీసుకున్న తర్వాత తయారుచేసిన కొటేషన్ను దీనితో జతపరుస్తున్నాను. పని ధర రూ. 5,00,000, జీఎస్టీ 18 శాతం రూ. 90,000, మొత్తం రూ. 5,90,000. పన్ను రేటు ప్రభుత్వం మారిస్తే చట్టం ప్రకారం వర్తించే రేటు వేస్తాము.

ఈ ధరలో కిచెన్ కింది, పై అరలు, రెండు పడకగదుల వార్డ్‌రోబులు, వాటి హింజెస్, చానెళ్లు, హ్యాండిళ్లు, రవాణా, బిగింపు కలిసి ఉన్నాయి. కిచెన్ అరలన్నీ 18 మి.మీ. ఐఎస్ 710 మెరైన్ ప్లైవుడ్‌తో చేస్తాము. వార్డ్‌రోబుల సరుకు వివరం కొటేషన్ 3వ పేజీలో ఉంది. సింకు కింది అర, గొట్టాల కోత మా పని; సింకు కొనడం, సింకు, గొట్టాల బిగింపు మా పని కాదు. చిమ్నీకి చోటు వదలడం మా పని; చిమ్నీ, కరెంటు పాయింట్లు, లైట్లు మా పని కాదు. గట్టు రాయి ఈ ధరలో లేదు. మా చెత్తను మేమే తీసుకెళతాము. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ అడిగే డిపాజిట్టు, లిఫ్టు రుసుము మీరు కట్టాలి. తుది కొలతల్లో తేడా వస్తే పెరిగినా తగ్గినా కొటేషన్లోని చదరపు అడుగు రేటే వర్తిస్తుంది. ఇవి కాక మీరు ఏ పని చెప్పినా, ధర రాసి మీ అంగీకారం తీసుకున్నాకే మొదలుపెడతాము.

ఈ ధర జూన్ 20 సాయంత్రం 6 గంటల వరకు ఉంటుంది. ఆలోపు ఈ పత్రం మీద మీ సంతకం, మొదటి విడత అందితే, పని శ్రావణంలో మొదలైనా ఇదే ధర.

చెల్లింపులు, పన్నుతో కలిపి: ఒప్పుకున్న రోజు రూ. 59,000, సరుకు చెప్పే ముందు రూ. 2,36,000, అరల పెట్టెలు మీ ఫ్లాటుకు చేరిన రోజు రూ. 2,36,000, అప్పగింత రోజు రూ. 59,000. లోపాల జాబితా సరిచేసి తాళం చెవులు ఇచ్చిన రోజు, లేదా మీరు పాలు పొంగించిన రోజు, ఏది ముందైతే అది అప్పగింత. ఆ తర్వాత కనిపించిన బిగింపు లోపాలను కూడా మేమే సరిచేస్తాము. సరుకు చెప్పకముందే మీరు పని వద్దనుకుంటే, కొలతలు, డ్రాయింగుల ఖర్చు రూ. 15,000, దానిమీద పన్ను ఉంచుకుని మిగిలింది తిరిగి ఇస్తాము.

మీకు ఏ వాక్యమైనా మార్చాలనిపిస్తే సంతకానికి ముందే చెప్పండి, కూర్చుని మాట్లాడుకుందాం.

భవదీయుడు,
(సంతకం)

మాకు సమ్మతమే: (యజమాని సంతకం, తేదీ)

---

ఇందులో "మీరు తప్పక చెల్లించవలెను", "ఎట్టి పరిస్థితుల్లోనూ" వంటి మాటలు లేవన్నది గమనించండి. అవి ఉన్నందువల్ల చట్టబలం పెరగదు, ఎదుటివారి మనసు మాత్రం బిగుసుకుంటుంది. "వద్దనుకుంటే మిగిలింది తిరిగి ఇస్తాము" అన్న వాక్యంలో మీరు ఒప్పుకుంటున్న షరతు ఉంది, "లోపాలను మేమే సరిచేస్తాము" అన్నదాంట్లోనూ ఉంది. బావగారికి ఈ లెటర్ చూపించేటప్పుడు ముందు ఆ రెండు వాక్యాలు చదివి వినిపించండి. ఆయన భయం షరతుల గురించి కాదని నాకు అనిపిస్తోంది. రేపు ఏదైనా తేడా వస్తే రెండు వైపుల మాటా తానే పడాల్సి వస్తుందన్నది ఆయన భయం. గతేడాది మీకు రావాల్సిన రూ. 60,000 విషయంలో ఆయన స్నేహితుణ్ని ఎన్నిసార్లు అడగలేక ఆగిపోయారో ఒకసారి ఆయన్నే అడగండి.

అయినా ఆయన వద్దంటే ఏం చేయాలి? లెటర్ పంపకుండా నోటిమాటగా చెప్పి, ఆ సాయంత్రమే "మనం అనుకున్నవి ఇవి" అని అవే సంగతులు వాట్సాప్‌లో పెట్టడం ఒక దారి. వారు "సరే" అంటే కొంత ఆధారం మిగులుతుంది, కాని సంతకం ఉండదు, ఆ సందేశం పెళ్లి ఫొటోల కింద కూరుకుపోతుంది. బావగారి చేతే లెటర్ ఇప్పించడం మరో దారి. మర్యాద నిలుస్తుంది, కాని వారి ప్రశ్నలకు ఆయన తనకు తోచిన జవాబు చెబుతారు, "అబ్బే, లైట్లు కూడా చేస్తాడులెండి" అన్న ఒక్క మాటతో లెటరంతా వృథా అవుతుంది. నన్నడిగితే ఆయన్ను వెంటబెట్టుకుని మీరే వెళ్లి, దంపతులిద్దరూ ఉన్నప్పుడు సింకు వాక్యం, తేదీ, విడతలు ఈ మూడింటినీ పైకి చదివి, అప్పుడు లెటరూ కొటేషనూ కలిపి ఒకే ఫైలుగా వారి ఫోనుకు పంపుతాను. విడివిడిగా పంపితే ఊళ్లో ఉన్న తండ్రిగారికి చేరేది మళ్లీ అంకెల పేజీ ఒక్కటే.

జూన్ 20 దాటి, 28న "సరే, మొదలుపెట్టండి" అని ఫోను వస్తే ఏం చేయాలో కూడా ఇప్పుడే అనుకోండి. డీలరు ధర మారకపోతే పాత ధరకే చేయవచ్చు, అందులో తప్పేమీ లేదు. కానీ పాత లెటర్లో 20ని కొట్టేసి 30 అని పెన్నుతో దిద్దకండి. అలా ఒకసారి దిద్దిన తేదీని ఎదుటివారు ఇక తేదీగా చూడరు. అదే ధరతో, నం. 27ఎ అని కొత్త నంబరు వేసి, కొత్త తేదీతో కొత్త లెటర్ ఇచ్చి, దానిమీద సంతకమూ మొదటి విడతా తీసుకున్నాకే డీలరుకు ఫోను చేయండి.